64 శాతం చార్జింగ్ ఎన్ని గంటలు వస్తుంది?

"అన్నా, నా ఫోన్ కొని రెండున్నరేళ్లయింది. మొన్న మేడారం జాతరకు పొద్దున 7 గంటలకు హనుమకొండలో బస్సెక్కినప్పుడు 64 శాతం చార్జింగ్ ఉంది. సెట్టింగ్స్‌లో చూస్తే ఇంకా 15 గంటలు వస్తుందని చూపించింది. మధ్యాహ్నం ఒంటి గంటకు 12 శాతం ఉండగానే స్విచాఫ్ అయిపోయింది. స్క్రీన్ టైమ్ చూస్తే ఆ ఆరు గంటల్లో వాడింది 2 గంటల 15 నిమిషాలే. మిగిలిన శాతాన్ని బట్టి ఎంతసేపు వస్తుందో మనమే లెక్క వేసుకోవచ్చా?"

వేసుకోవచ్చు తమ్ముడూ. నువ్విచ్చిన అంకెలతోనే చేసి చూపిస్తాను. నేను హనుమకొండలో ఫోన్ల రిపేరు షాపు నడుపుతాను. నీలాంటి ఫిర్యాదుతో వారానికి నలుగురైదుగురు వస్తారు. వాళ్లలో ఇన్ని అంకెలు గుర్తుపెట్టుకుని వచ్చేవాళ్లు తక్కువ.

ముందు ఆ 15 గంటలు ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. 64ని 15తో భాగిస్తే దగ్గర దగ్గర 4.3 వస్తుంది. అంటే గంటకు 4.3 శాతం చొప్పున దిగుతుందని ఫోన్ అనుకుంది. నువ్వు మేడారం పోతున్నావని దానికి తెలియదు కదా. ఈ మధ్య రోజుల్లో నువ్వు ఎలా వాడావో అదే లెక్క ముందుకు లాగింది. ఇంట్లో వైఫై, ఫ్యాను కింద తక్కువ వెలుతురుతో స్క్రీన్, గంటలో ముప్పావు వంతు ఫోన్ పక్కన పడి ఉండటం, ఇవన్నీ కలిసిన రేటు అది. నిజంగా జరిగింది వేరు. ఆరు గంటల్లో 64 నుంచి 12కి వచ్చింది, అంటే 52 శాతం దిగింది. గంటకు 8.7 పడింది, ఫోన్ అనుకున్నదానికి దాదాపు రెట్టింపు. దానికి తోడు చివరి 12 శాతం నీ చేతికి రానే లేదు. కాబట్టి లెక్క రెండు చోట్ల తప్పింది. దిగే రేటు ఒకటి, ఎక్కడ ఆగిపోతుందన్నది రెండోది. ఈ రెండూ సరిచేసుకుంటే మిగిలింది ఒక భాగహారమే:

```
మిగిలిన గంటలు = (ఇప్పటి శాతం − ఆఫ్ అయ్యే శాతం) ÷ గంటకు దిగే శాతం
```

నీ విషయంలో (64 − 12) ÷ 8.7, అంటే 6 గంటలు. జరిగిందీ అదే. అయిపోయాక ఇలా చెప్పడం ఎవరికైనా వస్తుంది, బస్సెక్కే ముందే 8.7 అని ఎలా తెలుస్తుంది అని అడుగుతావు. అసలు పని అక్కడే ఉంది.

రేటు కొలవడంలో నేను చూసే మొదటి పొరపాటు మరీ కొద్దిసేపు కొలవడం. మా షాపుకు వచ్చేవాళ్లు "పది నిమిషాల్లో 2 శాతం దిగింది, అంటే గంటకు 12" అంటారు. స్క్రీన్ మీద కనిపించేది నిండు అంకె మాత్రమే. 64 అని ఉన్నప్పుడు లోపల అది 64.0 కావచ్చు, 64.9 కావచ్చు. 64 నుంచి 62కి మారిందంటే నిజంగా దిగింది ఒకటికి కొంచెం పైన ఉండొచ్చు, మూడుకు కొంచెం తక్కువా ఉండొచ్చు. పది నిమిషాల మీద దాన్ని గంటకు పెంచితే 6 నుంచి 18 దాకా ఎంతైనా కావచ్చు. అంత తేడా ఉన్న అంకెతో ప్రయాణం ప్లాన్ చేసుకోలేం.

దీనికి సులువైన ఉపాయం ఉంది. నీకు వీలైన సమయంలో కాకుండా, అంకె మారిన క్షణంలో గడియారం చూడు. 64 పోయి 63 పడగానే టైమ్ రాసుకో. తర్వాత 58 పోయి 57 పడిన క్షణాన మళ్లీ రాసుకో. రెండు చోట్లా అంకె మారే గీత మీదే నిలబడ్డావు కాబట్టి మధ్యలో దిగింది కచ్చితంగా 6 శాతం. అది 40 నిమిషాలు పట్టిందనుకో, గంటకు 9. కనీసం ఐదారు శాతం దిగేదాకా ఆగితే చాలు. ఈ కొలతను చార్జర్ తీసిన వెంటనే 100 దగ్గర మొదలుపెట్టకు. చాలా ఫోన్లు చార్జర్ తీశాక కూడా కాసేపు 100 మీదే కూర్చుంటాయి. అక్కడ కొలిస్తే నీ ఫోన్ అంత గొప్పది ఇంకోటి లేదనిపిస్తుంది. 90 కంటే కిందికి వచ్చాక 30 లోపలికి పడక ముందు కొలిచిందే నమ్మదగ్గది.

రెండో పొరపాటు, ఫోన్‌కు ఒకే రేటు ఉంటుందనుకోవడం. ఉండదు. స్క్రీన్ వెలుగుతున్నప్పుడు ఒక రేటు, జేబులో ఉన్నప్పుడు ఇంకో రేటు. రోజువారీ రేటు ఈ రెండింటి కలగలుపు. ఇంట్లో రెండూ విడివిడిగా కొలవడం తేలికే. రాత్రి పడుకునే ముందు చూడు, పొద్దున లేవగానే చూడు. 11 గంటలకు 71 ఉండి పొద్దున 6కి 65 ఉంటే, ఏడు గంటల్లో 6 శాతం, గంటకు 0.9. ఇది జేబు రేటు. తర్వాత ఒక అరగంట ఆపకుండా మామూలుగా వాడుతూ కొలువు. గంటకు 12 వచ్చిందనుకుందాం. ఇది స్క్రీన్ రేటు. గంటలో 18 నిమిషాలు వాడి 42 నిమిషాలు పక్కన పెడితే 12లో మూడు పదో వంతులు, అంటే 3.6, దానికి జేబు వాటా 0.63 కలిపితే 4.2 చిల్లర. నీ ఫోన్ వేసిన 4.3 ఇంచుమించు ఇదే. అది చూపించిన 15 గంటల రహస్యం ఇంతే.

ఇప్పుడు ఇవే రెండు రేట్లు మేడారం దారిలో ఏమయ్యాయో చూడు. నువ్వు 2 గంటల 15 నిమిషాలు స్క్రీన్ వాడావు, మిగతా 3 గంటల 45 నిమిషాలు ఫోన్ జేబులో ఉంది. ఇంటి రేట్లతోనే వేస్తే 27 శాతం స్క్రీన్‌కు, 3.4 జేబుకు, మొత్తం 30 దిగాలి. దిగింది 52. అంటే వాడిన సమయం ఒక్కటే కారణం కాదు, రెండు రేట్లూ పెరిగాయి. స్క్రీన్ రేటు 18, జేబు రేటు 3 అనుకుంటే 40.5, 11.25 కలిపి 51.75 వస్తుంది. నీ 52తో సరిపోయింది.

ఇక్కడ కొంచెం జాగ్రత్త. లెక్క సరిపోయింది కాబట్టి 18, 3 నిజమని అనుకోవద్దు. 16, 4.3 పెట్టినా దాదాపు అంతే వస్తుంది. తెలియనివి రెండుంటే ఒక మొత్తంతో రెండూ తేలవు. వాటిలో ఒకటి విడిగా కొలవాలి. నేను 3 అనడానికి కారణం, అదే దారిలో కారు నడుపుతూ ఫోన్ ముట్టుకోకుండా పోయినప్పుడు నా ఫోన్‌లో గట్టమ్మ గుడి దాటేదాకా గంటకు ఒకటిన్నర ఉన్నది, పస్రా దాటి అడవిలో పడ్డాక మూడుకు చేరింది. నీ ఫోన్ వేరు, నీ సిమ్ వేరు. ఈసారి బస్సులో కిటికీ పక్కన కునుకు తీసేటప్పుడు, కళ్లు మూసే ముందు ఒకసారి, తెరిచాక ఒకసారి శాతం చూసుకుంటే నీ జేబు రేటు నీకే దొరుకుతుంది.

అడవిలో జేబు రేటు ఎందుకు పెరుగుతుందంటే, టవర్ దూరమైనకొద్దీ ఫోన్ గట్టిగా అరవాలి. పక్కనే టవర్ ఉంటే గుసగుసలాడినట్టు చాలా తక్కువ శక్తితో మాట్లాడుతుంది. సిగ్నల్ ఒక గీతకు పడితే తన గరిష్ఠ శక్తికి వెళ్లిపోతుంది. మామూలు 4జీ ఫోన్‌కు అది 200 మిల్లీవాట్ల దాకా. చూడటానికి చిన్న అంకె. కానీ అంత బయటికి పంపడానికి లోపలి యాంప్లిఫయర్ బ్యాటరీ నుంచి దానికి కొన్ని రెట్లు గుంజుతుంది. అసలు సిగ్నలే లేకపోతే ఒక్కో బ్యాండ్ మార్చి మార్చి వెతుకుతుంది, ఆ వెతుకులాటా ఖర్చే.

జనం మధ్యలో పద్ధతి ఇంకోలా ఉంటుంది. జంపన్న వాగు దగ్గర నీ ఫోన్‌లో గీతలు నిండుగానే కనిపించి ఉంటాయి. గీతలు టవర్ ఎంత గట్టిగా వినిపిస్తోందో చెబుతాయి, ఆ టవర్ దగ్గర ఎంతమంది క్యూలో ఉన్నారో చెప్పవు. ఇంట్లో వాట్సాప్ ఫోటో రెండు సెకన్లలో పోయి రేడియో నిద్రపోతుంది. అక్కడ అదే ఫోటో తిరుగుతూ, ఆగుతూ, మళ్లీ మొదలవుతూ ఐదారు నిమిషాలు పడుతుంది. అంతసేపూ రేడియో మేలుకునే ఉంటుంది. పోయాక కూడా, ఇంకేమైనా వస్తుందేమోనని కొన్ని సెకన్లు మేలుకునే ఉంటుంది. నువ్వు స్క్రీన్ ఆపి జేబులో పెట్టినా వెనకాల ఆ అప్‌లోడ్ నడుస్తుంటే జేబు రేటు స్క్రీన్ రేటును అందుకోవాలని చూస్తుంది. అందుకే జనంలో తీసిన వీడియోలు అక్కడే పంపాలన్న ఆత్రం వద్దంటాను. ములుగు దాటి తిరిగొచ్చాక పంపితే అదే వీడియో పావు వంతు ఖర్చుతో పోతుంది. పావు వంతు అన్నది నా అంచనా, కొలవలేదు.

స్క్రీన్ రేటు పెరగడానికి కారణం మరీ సులువు. ఎండలో ఆటో బ్రైట్‌నెస్ చివరిదాకా పోతుంది. దానికి తోడు కెమెరా. వీడియో తీస్తున్నంతసేపూ స్క్రీన్, సెన్సర్, వీడియోను కుదించే చిప్ మూడూ కలిసి పనిచేస్తాయి. అక్కడ కొలిస్తే గంటకు పాతిక దాటినా నేను ఆశ్చర్యపోను. నీ 18 అన్నది ఫోటోలు, వీడియోలు, ఫోన్ కాల్స్, మెసేజ్‌లు అన్నీ కలిసిన సగటు.

సరే, ఇప్పుడు లెక్కను తిప్పి వేద్దాం. నాకు ఎక్కువ ఉపయోగపడేది ఇదే. ఎన్ని గంటలు వస్తుంది అని కాకుండా, సాయంత్రం 6 దాకా ఉండాలంటే ఎంత వాడొచ్చు అని అడుగు. పొద్దున 7 నుంచి 11 గంటలు. చేతిలో 64. నీ ఫోన్ 12 దగ్గర ఆఫ్ అవుతుంది. జాగ్రత్తకు ఇంకో 3 తీసెయ్. ఖర్చు పెట్టుకోగలిగింది 49 శాతం. పదకొండు గంటలూ జేబులోనే ఉన్నా, గంటకు 3 చొప్పున 33 పోతుంది. మిగిలింది 16. ఒక గంట స్క్రీన్ వెలిగితే జేబు రేటు మీద అదనంగా పడేది 18లోంచి 3 పోగా 15. పదహారును పదిహేనుతో భాగిస్తే గంటా నాలుగు నిమిషాలు. రోజు మొత్తానికి అంతే.

ఇప్పుడు ఒకటే మార్పు చేద్దాం. వాడనప్పుడు ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టావనుకో. అప్పుడు జేబు రేటు అరశాతం దగ్గర ఉంటుంది. పదకొండు గంటలకు 5.5 పోతుంది, మిగిలింది 43.5. గంట స్క్రీన్‌కు అదనం 17.5. భాగిస్తే దాదాపు రెండున్నర గంటలు. స్క్రీన్ వాడకం మీద ఏ త్యాగమూ చేయకుండానే గంటా నాలుగు నిమిషాలు రెండున్నర గంటలైంది. జనం బ్రైట్‌నెస్ తగ్గించడం, డార్క్ మోడ్ పెట్టడం మీద పడతారు. అవి పనికిరావని కాదు, కానీ రోజంతా సిగ్నల్ వెతుక్కునే దారిలో అసలు చిల్లు జేబులో ఉంటుంది.

అయితే జాతరలో ఏరోప్లేన్ మోడ్ అంటే మా అమ్మ నన్ను కొడుతుంది. పిల్లలు తప్పిపోతారు, బస్సు పాయింట్ దగ్గర ఒకరి కోసం ఒకరు వెతుక్కుంటారు. మేము చేసేది ఏమిటంటే, నలుగురు పోతే ఇద్దరి ఫోన్లు ఆన్‌లో, ఇద్దరివి ఏరోప్లేన్ మోడ్‌లో. మధ్యాహ్నం మార్చుకుంటాం. ఒక్కడివే పోతే మొబైల్ డేటా మాత్రం ఆపి కాల్స్‌కు ఆన్‌లో ఉంచు. రేటు అరశాతానికీ మూడుకూ మధ్యలో ఎక్కడో ఉంటుంది, అది నీ ఫోన్‌లో కొలుచుకోవాల్సిందే.

దారిలో ప్రతిసారీ ఈ లెక్క అంతా వేయాల్సిన పని లేదు. 49 శాతాన్ని 11 గంటలకు పంచితే గంటకు నాలుగున్నర. రెండు గంటలకు 9. అంటే 9 గంటలకు నీ ఫోన్‌లో 55 ఉండాలి, 11కి 46, ఒంటి గంటకు 37. ఈ మూడు అంకెలు బయలుదేరే ముందే చీటీ మీదనో చేతి మీదనో రాసుకో. తొమ్మిదికి 55 బదులు 49 కనిపిస్తే అప్పుడే తెలిసిపోతుంది. మిగిలిన తొమ్మిది గంటలకు చేతిలో ఉన్నది 49 − 15, అంటే 34. గంటకు 3.8కి దింపుకోవాలి. ఆ టైమ్‌కు ఇంకా ఏదో ఒకటి చేయొచ్చు. ఒంటి గంటకు 12 చూసినప్పుడు చేయడానికి ఏమీ లేదు.

ఇక ఆ 12 సంగతి. ఇది చాలామందికి మోసంలా అనిపిస్తుంది, "శాతం ఉండగానే ఆఫ్ ఎట్ల అయింది" అని నాతోనే గొడవ పడ్డవాళ్లున్నారు.

శాతం అన్నది నేరుగా కొలిచే వస్తువు కాదు. బండి పెట్రోల్ ట్యాంకులో తేలే బుడ్డి లాంటిదేదీ బ్యాటరీలో ఉండదు. లోపలికి వెళ్లిన కరెంటును, బయటికి వచ్చిన కరెంటును ఒక చిప్ లెక్కపెడుతూ ఉంటుంది. నిండుగా ఇంత పడుతుంది అని దాని దగ్గర ఒక అంకె ఉంటుంది. దానిలోంచి తీసివేస్తూ శాతం చూపిస్తుంది. మధ్యమధ్యలో వోల్టేజ్ చూసి సరిదిద్దుకుంటుంది. నిండుగా ఉన్నప్పుడు 4.4 వోల్టుల దగ్గర ఉండే బ్యాటరీ సెల్, మధ్యలో చాలాసేపు 3.7, 3.8 దగ్గరే నిలకడగా ఉంటుంది. అందుకే వోల్టేజ్ ఒక్కటే చూసి శాతం చెప్పడం కష్టం. చివర్లో మాత్రం గభాలున పడిపోతుంది.

ఫోన్ ఆఫ్ అయ్యేది శాతం చూసి కాదు, వోల్టేజ్ చూసి. మూడుంబావు వోల్టుల చుట్టుపక్కలకు పడిందంటే లోపలి సర్క్యూట్లు నిలబడలేవు, ఫోన్ ఆపేస్తుంది. 12 శాతం దగ్గర ఊరికే ఉన్నప్పుడు సెల్‌లో సుమారు 3.65 ఉంటుంది. సమస్య సెల్ లోపలే కరెంటుకు అడ్డుపడే ఇంటర్నల్ రెసిస్టెన్స్‌తో వస్తుంది. సెల్ పాతబడినకొద్దీ అది పెరుగుతుంది. ఒక్కసారిగా 2 ఆంపియర్లు గుంజితే కొత్త సెల్‌లో, రెసిస్టెన్స్ 0.1 ఓమ్ అనుకుంటే, 0.2 వోల్టు పడుతుంది. 3.45 మిగిలింది, ఫోన్ నడుస్తుంది. పాత సెల్‌లో అది 0.3 ఓమ్ అయితే 0.6 వోల్టు పడుతుంది, మిగిలింది 3.05. అర సెకనులో ఫోన్ ఆఫ్. నువ్వు ఆ క్షణంలో కెమెరా తెరిచావా, లేక ఒక్క గీత సిగ్నల్‌లో కాల్ కలిపావా గుర్తు తెచ్చుకో. రెండూ ఒకేసారి ఎక్కువ కరెంటు గుంజే పనులే.

నీది ఇదే రకమా, లేక చిప్ దగ్గరున్న అంకే తప్పా అన్నది ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ఆఫ్ అయ్యాక చార్జర్ పెట్టకుండా పది నిమిషాలు వదిలెయ్, మళ్లీ ఆన్ చెయ్. ఆన్ అయి మళ్లీ 10, 11 చూపిస్తే కరెంటు నిజంగానే లోపల ఉంది, గట్టిగా గుంజితే వోల్టేజ్ నిలబడక ఆగిపోయింది. ఆన్ అవ్వకుండా, చార్జర్ పెట్టగానే 0 లేదా 1 నుంచి మొదలైతే, నిజంగా ఖాళీ అయింది. చిప్ తన అంకెను ఎక్కువగా పట్టుకుని 12 అని చూపిస్తూ వచ్చిందన్న మాట. రెండో రకానికి ఒకసారి పూర్తిగా దించి, మధ్యలో తీయకుండా 100కు ఎక్కించి, గంట అదనంగా ఉంచితే చిప్ కొంత సరిదిద్దుకుంటుంది. మొదటి రకానికి అది పనిచేయదు. బ్యాటరీ కాలిబ్రేషన్ అని ప్లే స్టోర్‌లో దొరికే యాప్‌లు రెండింటికీ పనిచేయవు, ప్రకటనలు చూపిస్తూ ఇంకో రెండు శాతం తింటాయి.

ఎలాగైనా, రెండు మూడుసార్లు ఒకే చోట ఆఫ్ అయితే అదే నీ ఫోన్‌కు అడుగు అని రాసుకో. ఒకసారి 12, ఇంకోసారి 7, మరోసారి 15 అయితే ఎక్కువది తీసుకో. రెండేళ్ల కింద నేను రాత్రి కాజీపేట జంక్షన్‌లో 9 శాతం ఉంది కదా అని ధైర్యంగా ప్లాట్‌ఫామ్ మీద నిలబడ్డాను. టికెట్ ఫోన్‌లోనే. టీటీఈ ముందు తెరవబోతే నల్ల స్క్రీన్. అప్పటి నుంచి నా పాత ఫోన్‌లో 15ని నేను సున్నా అనే చదివేవాణ్ని.

ఇంకొక్క మాట, బాగా చదువుకున్నవాళ్లే ఎక్కువగా చేసే పొరపాటు కాబట్టి చెబుతున్నాను. "బ్యాటరీ పాతబడింది, 84 శాతం ఆరోగ్యం చూపిస్తోంది, కాబట్టి వచ్చిన గంటలను ఇంకా 0.84తో గుణించాలి" అంటారు. అలా చేయొద్దు. నువ్వు రేటు కొలిచింది ఈ పాత బ్యాటరీ మీదే. చిన్నదైన ట్యాంకు కాబట్టే శాతం తొందరగా దిగి నీకు 8.7 వచ్చింది. ముసలితనం ఆ అంకెలో అప్పటికే ఉంది, మళ్లీ తీస్తే ఒకే తప్పుకు రెండుసార్లు జరిమానా వేసినట్టు. గుణించాల్సింది వేరొకరి రేటును నీ ఫోన్‌కు తెచ్చుకున్నప్పుడు. అదే మోడల్ కొత్త ఫోన్ ఉన్న నీ స్నేహితుడికి వీడియో చూస్తే గంటకు 12 దిగుతోందనుకో. 5000 ఎంఏహెచ్‌లో 12 శాతం అంటే 600. నీ బ్యాటరీలో ఇప్పుడు 4200 మాత్రమే పడుతుంటే అదే 600 నీకు 14.3 శాతం అవుతుంది.

ఇదే లెక్కతో, కొత్త బ్యాటరీ వేయిస్తే ఏమవుతుందో కూడా ముందే చూసుకోవచ్చు, ఎందుకంటే నీ తర్వాతి ప్రశ్న అదే అయి ఉంటుంది. అడుగు 12 నుంచి 2కు దిగుతుంది. 8.7 రేటు 4200 ÷ 5000 లెక్కన 7.3 అవుతుంది. మొన్నటిలాగే వాడితే (64 − 2) ÷ 7.3, ఎనిమిదిన్నర గంటలు. పొద్దున 7కు బయలుదేరితే మధ్యాహ్నం మూడున్నర దాకా. ఒంటి గంట కంటే చాలా నయం, సాయంత్రం 6కి మాత్రం చేరదు. వేయిస్తే సీల్డ్ డబ్బా, తయారీ తేదీ చూసి వేయించు, ఏళ్ల తరబడి షెల్ఫ్‌లో పడి ఉన్న సెల్ కొత్తదే అయినా లోపల ముసలిదే. వేయించాక పాత రేట్లన్నీ కొట్టెయ్. మొదటి రెండు మూడు చార్జింగుల్లో చిప్ ఇంకా పాత సెల్ అంకెతోనే తడబడుతుంది, 40 నుంచి 33కు దూకినా కంగారు పడకు. నాలుగో రోజు రాత్రి పడుకునేటప్పుడు ఒకసారి, పొద్దున ఒకసారి చూసి జేబు రేటుతో మళ్లీ మొదలుపెట్టు.